బాండు మీద రాసిన అంకె చేతికి వస్తుందా?

గుంటూరు జిల్లాలో ఒక హైస్కూలు మాస్టారు రిటైరయ్యారనుకుందాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62 కనుక ఆయన అప్పటికే సీనియర్ సిటిజన్. నెలకు 38 వేలు పెన్షన్ వస్తోంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుల్లోంచి ఇంటి అప్పు తీర్చేసి, మిగిలిన 20 లక్షలూ 2025 ఏప్రిల్‌లో బ్యాంకులో ఐదేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. వడ్డీ ఏడు శాతం. బ్యాంకు ఇచ్చిన రసీదు మీద, మనవాళ్లు బాండు అనే ఆ కాగితం మీద, అడుగున ఒక అంకె అచ్చయి ఉంది. మెచ్యూరిటీ మొత్తం: 28,29,556 రూపాయలు. మాస్టారు దాన్ని నాలుగుగా మడిచి బీరువాలో పెట్టారు. 2030లో మనవరాలి చదువుకు ఆ డబ్బు అక్కరకొస్తుందని ఆయన లెక్క.

ఆ అంకెలో తప్పేమీ లేదు. కానీ అది మాస్టారి చేతికి రావాలంటే ఏటా ఏప్రిల్‌లో ఆయన చేయాల్సిన పని ఒకటుంది. చేయకపోతే ఐదేళ్ల తర్వాత కౌంటర్లో ఆయనకు అందేది సుమారు 27,33,800. దాదాపు 96 వేలు తక్కువ! ఆ 96 వేలు ఎక్కడికి పోతాయో తెలియాలంటే ముందు ఆ 28 లక్షల అంకె ఎలా పుట్టిందో చూడాలి.

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. ఆ లెక్కన ఏడాదికి ఏడు శాతమంటే నూటికి నెలకు 58 పైసలు. బారువడ్డీ అయితే 20 లక్షల మీద ఏడాదికి లక్షా 40 వేలు, ఐదేళ్లకు ఏడు లక్షలు. మాస్టారి బాండు మీద మాత్రం వడ్డీ 8,29,556 ఉంది. మన బ్యాంకులు మామూలుగా డిపాజిట్ మీద మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడతాయి. తేడా అక్కడే వచ్చింది.

మొదటి మూడు నెలలకు వడ్డీ 35,000. అది అసలులో కలుస్తుంది. రెండో మూడు నెలలకు వడ్డీ 20 లక్షల మీద కాదు, 20,35,000 మీద కడతారు, కనుక 35,612 రూపాయల 50 పైసలు వస్తుంది. అలా ఐదేళ్లలో ఇరవై సార్లు వడ్డీ అసలులో కలుస్తూ పోతుంది. కాలిక్యులేటర్ మీద సరిచూసుకోవాలనుకునేవాళ్లకు సూత్రం ఇది:

```
20,00,000 × (1 + 0.07/4)^20 = 28,29,556
```

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. ఇరవై సార్లూ వడ్డీ పూర్తిగా అసలులో కలవాలి. మధ్యలో ఎవరూ అందులోంచి పైసా తీయకూడదు. తీసేది ఎవరంటే, టీడీఎస్ పేరుతో బ్యాంకే.

ఇక్కడే చాలామంది ఒక మాట అంటారు: "గ్రాట్యుటీ డబ్బుకి పన్ను లేదన్నారుగా, మరి కోత ఎందుకు?" ప్రభుత్వ ఉద్యోగికి వచ్చే గ్రాట్యుటీకీ కమ్యుటేషన్‌కీ పన్ను లేని మాట నిజమే. కానీ ఆ డబ్బు బ్యాంకులో సంపాదించే వడ్డీ వేరే ఆదాయం, దానికి ఆ మినహాయింపు వర్తించదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, అరవై ఏళ్లు దాటినవారికి ఒక బ్యాంకులో ఏడాదికి వచ్చే డిపాజిట్ వడ్డీ లక్ష రూపాయలు దాటితే ఆ బ్యాంకు పది శాతం టీడీఎస్ కోస్తుంది. అంతకుముందు ఆ హద్దు 50 వేలే. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. బ్రాంచీలు వేరైనా బ్యాంకు ఒకటే అయితే అన్ని డిపాజిట్ల వడ్డీనీ కలిపే చూస్తారు, కనుక తెనాలి బ్రాంచిలో కొంత, గుంటూరు బ్రాంచిలో కొంత వేసినా ఫలితం ఉండదు. ఏడు శాతం వడ్డీ దగ్గర ఒకే బ్యాంకులో 14 లక్షల పైచిలుకు ఉంటే ఈ హద్దు దాటినట్టే.

మాస్టారి డిపాజిట్ మీద మొదటి ఏడాది వడ్డీ 1,43,718. ఆ డబ్బు ఆయన కళ్లచూడలేదు, 2030 దాకా చూడరు కూడా. అయినా వడ్డీ ఆయన పేరున జమ అయింది కనుక బ్యాంకు పది శాతం కోస్తుంది. సేవింగ్స్ ఖాతాలోంచి తీసుకోకపోతే నేరుగా ఆ డిపాజిట్‌లోంచే తీస్తుంది. అప్పుడు మూడు నెలల వడ్డీ 35,000లో 31,500 మాత్రమే అసలులో కలుస్తుంది. చక్రవడ్డీ బండికి ప్రతి మలుపులోనూ కొంత సరుకు దిగిపోయినట్టే. ఐదేళ్లూ ఇలా సాగితే కోసిన టీడీఎస్ మొత్తం 81,500 దాకా అవుతుంది. కానీ తగ్గింది దాదాపు 96 వేలు కదా, మిగతా 14 వేల పైచిలుకు ఏమైంది? కోసిన డబ్బు డిపాజిట్‌లోనే ఉండి ఉంటే దాని మీద వచ్చేదే ఆ వడ్డీ.

ఈ రెండింటి మధ్య తేడా ముఖ్యం. టీడీఎస్‌గా పోయిన 81,500ను రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. దాని మీద పోయిన చక్రవడ్డీని బ్యాంకు ఇవ్వదు. రిటర్నే వేయకపోతే రెండూ పోయినట్టే.

అసలు మాస్టారు పన్ను కట్టాల్సిన మనిషేనా? ఆయన ఏడాది పెన్షన్ 4,56,000. మొదటి ఏడాది వడ్డీ 1,43,718. రెండూ కలిపితే 5,99,718. 2025-26 కొత్త పన్ను విధానంలో పెన్షనర్‌కు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. అది తీసేస్తే 5,24,718. నాలుగు లక్షల వరకు పన్ను లేదు, ఆ పై మొత్తం మీద ఐదు శాతం చొప్పున 6,236 రూపాయలు తేలుతుంది. కానీ ఆదాయం 12 లక్షలు దాటనివారికి 87ఏ సెక్షన్ కింద 60 వేల వరకు రిబేటు ఉంది కనుక ఆ 6,236 కూడా కొట్టివేతే. మాస్టారు కట్టాల్సిన పన్ను సున్నా.

పాత విధానంలోనే ఉంటానంటే ఆయన అంచు మీద నడుస్తున్నట్టు. అక్కడ స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, సీనియర్ల డిపాజిట్ వడ్డీకి 80టీటీబీ కింద మరో 50 వేల మినహాయింపు. రెండూ పోగా ఆదాయం 4,99,718. అక్కడ రిబేటు హద్దు ఐదు లక్షలు. కేవలం 282 రూపాయల తేడాతో బయటపడ్డారు. చక్రవడ్డీ కనుక రెండో ఏడాది వడ్డీ 1,54,046కు పెరుగుతుంది. మిగతా అంకెలన్నీ అలాగే ఉన్నా హద్దు దాటిపోయి, సెస్సుతో కలిపి సుమారు 12,500 పన్ను పడుతుంది. వ్యాపార ఆదాయం లేనివారు రిటర్ను వేసేటప్పుడు ఏ ఏటికి ఆ ఏడు రెండు విధానాల్లో ఒకటి ఎంచుకోవచ్చు. 80టీటీబీ కొత్త విధానంలో లేదని తెలిసి పాతదాన్నే పట్టుకుని కూర్చున్న పెన్షనర్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

పన్ను సున్నా అయినప్పుడు కోత ఎందుకు పడాలి? పడకూడదనే 15హెచ్ ఫారం పెట్టారు. "ఈ ఏడాది నా అంచనా ఆదాయం ఇంత, దాని మీద నేను కట్టాల్సిన పన్ను సున్నా, కనుక టీడీఎస్ కోయవద్దు" అని అరవై ఏళ్లు నిండినవారు బ్యాంకుకు రాసిచ్చే ప్రకటన అది. ఆదాయం నాలుగు లక్షలు దాటింది కనుక ఇవ్వకూడదేమోనని కొందరు వెనుకాడతారు. రిబేటు వల్ల పన్ను సున్నా అయ్యేవారి ప్రకటనను కూడా తీసుకోవాలని ఆ ఫారం నోట్స్‌లోనే ఉంది. అరవై లోపువారికి 15జీ అనే వేరే ఫారం ఉంది, దాని షరతులు ఇంకా కఠినం.

మాస్టారు ఏటా ఏప్రిల్‌లో చేయాల్సిన పని ఇదే. బ్యాంకు ఫారం బల్ల దగ్గర ఇలాంటి మాటలు వినబడుతుంటాయి.

"అమ్మాయ్, పోయినేడే ఇచ్చానుగా 15హెచ్. మళ్లీ ఎందుకు?"

"అది పోయినేటికే మాస్టారూ. ఈ ఆర్థిక సంవత్సరానికి కొత్తది రాయాలి. జూన్‌లో ఒకసారి వడ్డీ జమ పడి కోత పడిపోయిందంటే నేను వెనక్కి ఇవ్వలేను."

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ప్రకటన ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. డిపాజిట్లు రెండు బ్యాంకుల్లో ఉంటే రెండు చోట్లా ఇవ్వాలి. బ్యాంకు కోసిన డబ్బును ప్రభుత్వానికి కట్టేశాక దాన్ని వెనక్కి తెచ్చే దారి రిటర్ను ఒక్కటే. నెట్ బ్యాంకింగ్ ఉన్నవారు ఇంటి నుంచే ఇవ్వొచ్చు, కాగితం మీద ఇస్తే ముద్ర వేసిన నకలు తీసుకోవాలి. కోత పడిందో లేదో తెలుసుకోవాలంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ చూడాలి. వడ్డీ ఎంత జమ చూపారో ఏఐఎస్‌లో ఉంటుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. దానితో సెక్షన్ల అంకెలు మారతాయి కనుక కౌంటర్లో పాత నంబరు చెప్పడం కన్నా "సీనియర్ సిటిజన్ టీడీఎస్ డిక్లరేషన్" అని అడగడం మేలు.

15హెచ్ అందరూ ఇచ్చేది కాదు. నెలకు లక్ష పెన్షన్ వచ్చే అధికారిని తీసుకోండి. పెన్షన్ ఒక్కటే అయితే స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11,25,000, పన్ను లేదు. అదే ఆయన మాస్టారిలాగే 20 లక్షలు డిపాజిట్ వేస్తే వడ్డీ కలిసి ఆదాయం 12,68,718 అవుతుంది. రిబేటు హద్దు దాటింది. దాటిన మేరకు మించి పన్ను పడకుండా ఇచ్చే ఊరట లెక్కలోకి తీసుకున్నా, సెస్సుతో కలిపి 71 వేల పైన కట్టాలి. అంటే లక్షా 43 వేల వడ్డీలో దాదాపు సగం. బ్యాంకు కోసింది 14 వేల పైచిలుకే కదా, "కట్ అయిపోయిందిగా" అని ఆయన నిశ్చింతగా ఉంటే తర్వాత నోటీసు వస్తుంది. టీడీఎస్ కేవలం ముందస్తు కోత. అసలు పన్ను ఎంతో తేలేది రిటర్నులోనే. ఇలాంటివారు 15హెచ్ ఇస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది, దానికి శిక్ష ఉంది.

మాస్టారి విషయంలో మరో చిక్కుంది. "వడ్డీ చేతికి వచ్చేది 2030లో కదా, అప్పుడే చూపిస్తే పోలా?" అనుకోవడం సహజం. అలా చూపిస్తే 8,29,556 రూపాయల వడ్డీ అంతా ఒకే ఏడాది నెత్తిన పడుతుంది. పెన్షన్ పైసా పెరగలేదనుకున్నా, పన్ను రేట్లు ఇవే ఉన్నా, డిడక్షన్ పోగా ఆదాయం 12,10,556 అవుతుంది. ఏటా సున్నా పన్నుతో బయటపడే మనిషి ఆ ఒక్క ఏడు 11 వేల దాకా కట్టాలి. పెన్షన్‌లో కరువు భృతి పెరిగితే ఇంకా ఎక్కువే. పైగా బ్యాంకు ఏటా జమైన వడ్డీని ఆ ఏడే పన్ను శాఖకు తెలియజేస్తుంది. రిటర్నులో ఆ వడ్డీ లేకపోతే రెండు లెక్కలూ పొసగక ప్రశ్న వస్తుంది. ఏ ఏడు వడ్డీని ఆ ఏడే చూపుకోవడం మాస్టారికి అన్ని విధాలా లాభం. పన్ను సున్నా అయినా ఆయన రిటర్ను వేయాల్సిందే. నాలుగు లక్షలు దాటిన ఆదాయానికి రిబేటు పన్నును మాఫీ చేస్తుందే తప్ప రిటర్నును మాఫీ చేయదు.

ఇప్పటిదాకా చూసింది డబ్బు ఐదేళ్లు కదపనక్కర్లేనివారి సంగతి. చాలా ఇళ్లలో అలా కుదరదు. మందులకు, కరెంటు బిల్లుకు పెన్షన్ చాలదు. మాస్టారి భార్య అడిగేది కూడా అదే: "ఏమండీ, ఆ వడ్డీ నెలనెలా ఇస్తారుటగా?"

ఇస్తారు. అదే 20 లక్షలు, అదే ఏడు శాతం, నెలవారీ వడ్డీ పద్ధతి. ఏడాదికి లక్షా 40 వేలను పన్నెండుతో భాగించి నెలకు 11,667 వస్తుందని మాస్టారు వేలు మడిచి చెబుతారు. తీరా పాస్‌బుక్‌లో పడేది 11,599. ఆ 68 రూపాయలు ఎవరూ నొక్కేయలేదు. బ్యాంకు వడ్డీ కట్టేది మూడు నెలలకోసారి, 35,000. దాన్ని నెలనెలా ఇమ్మంటే మొదటి నెల వాటాను రెండు నెలలు ముందుగా, రెండో నెల వాటాను ఒక నెల ముందుగా ఇస్తున్నట్టు. ముందుగా ఇచ్చినందుకు ఆ మేరకు తగ్గించి ఇస్తారు. మూడు నెలలకు కలిపి తేడా 200 రూపాయలు. మూడు నెలలకోసారి తీసుకుంటే చాలనుకునేవారికి 35,000 పూర్తిగా వస్తుంది.

నెలవారీ పద్ధతిలో కూడా ఏడాది వడ్డీ లక్ష దాటుతోంది కనుక టీడీఎస్ నిబంధన ఇక్కడా అదే. 15హెచ్ ఇవ్వడం మరిచిపోతే 11,599 బదులు 10,439 పడుతుంది. పెద్ద డిపాజిట్‌లో కోత ఐదేళ్ల దాకా కంటికి కనబడదు కానీ, ఇక్కడ మే నెల పాస్‌బుక్ ఎంట్రీలోనే బయటపడుతుంది. ఏప్రిల్ తర్వాత జమ అంకె హఠాత్తుగా వెయ్యి పైచిలుకు తగ్గిందంటే బ్యాంకులో ఫారం లేదన్నమాట.

ఈ పద్ధతిలో మరిచిపోకూడని సంగతి, ఐదేళ్ల తర్వాత చేతికొచ్చేది అదే 20 లక్షలు. నెలకు వచ్చే 11,599 కూడా చివరి నెల దాకా అంతే. ఈ ఏడు ఆ డబ్బుతో వచ్చినన్ని మందులు ఐదో ఏడు రావు. అందుకే మొత్తం ఒకే పద్ధతిలో వేయకుండా విడగొట్టడంలో అర్థముంది. 12 లక్షలు నెలవారీలో వేస్తే నెలకు 6,960 వస్తుంది. మిగతా ఎనిమిది లక్షలు చక్రవడ్డీలో పెరిగి ఐదేళ్లకు 11,31,823 అవుతాయి. మళ్లీ డిపాజిట్ వేసే రోజు మాస్టారి దగ్గర 20 కాదు, 23 లక్షల పైన అసలు ఉంటుంది.

విడగొట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఐదేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రి ఖర్చు వచ్చి పడితే డిపాజిట్ విరగ్గొట్టాల్సి రావచ్చు. నెలవారీ డిపాజిట్‌ను మధ్యలో విరిస్తే జరిగేది చాలామందికి అనుభవంలోకి వచ్చేదాకా తెలియదు. మాస్టారు 20 లక్షలూ ఒకే బాండుగా వేసి రెండేళ్లకు విరిచారనుకుందాం. బ్యాంకు ఇప్పుడు ఐదేళ్ల రేటు ఇవ్వదు. ఆయన డిపాజిట్ వేసిన రోజున రెండేళ్లకు ఉన్న రేటు చూస్తుంది. అది ఆరున్నర అనుకుంటే, అందులోంచి జరిమానాగా ఒక శాతం తీస్తే మిగిలేది ఐదున్నర. ఆ రేటున నెలకు రావాల్సింది 9,125 మాత్రమే. ఆయన ఇరవై నాలుగు నెలలుగా 11,599 చొప్పున తీసుకున్నారు. ఎక్కువగా ఇచ్చిన 59 వేల పైచిలుకును బ్యాంకు అసలులోంచి మినహాయించుకుంటుంది. చేతికి 20 లక్షలు కాక 19,40,600 వస్తుంది. అప్పుడు కౌంటర్ దగ్గర "నా అసలు తినేశారు" అనే గొడవ మొదలవుతుంది. జరిమానా ఎంతో బ్యాంకును బట్టి మారుతుంది కనుక డిపాజిట్ వేసే రోజే అడిగి రాయించుకోవాలి.

అదే 20 లక్షల్ని నాలుగేసి లక్షల చొప్పున ఐదు బాండ్లుగా వేసి ఉంటే, నాలుగు లక్షల అవసరానికి ఒక్క బాండు విరిస్తే సరిపోయేది. నష్టం 12 వేల లోపే. మిగతా నాలుగూ తమ దారిన తాము నడుస్తాయి. కొద్ది నెలల అవసరమే అయితే విరవకుండా డిపాజిట్ మీద అప్పు తీసుకోవచ్చు. ఆ ఐదు బాండ్లూ ఒకే బ్యాంకులో ఉండనక్కర్లేదు కూడా. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షల వరకే వర్తిస్తుంది. నాలుగు లక్షల బాండు ఆ హద్దులో ఇముడుతుంది. బ్యాంకులు పెరిగితే 15హెచ్ ఫారాలూ పెరగవు. ఒక్కో చోట వడ్డీ లక్ష దాటదు కనుక అక్కడ కోతే పడదు. అయితే కోత పడలేదని వడ్డీని రిటర్నులో వదిలేయడానికి లేదు. అన్ని బ్యాంకుల వడ్డీనీ కలిపే మాస్టారి ఆదాయం లెక్కిస్తారు.

ఇక ఆ బీరువాలోని బాండు. దాని వెనక మాస్టారు పెన్సిలుతో ఐదు సంవత్సరాలు వరసగా రాసుకున్నారు. ఏటా 15హెచ్ ఇచ్చిన తేదీ వేసి, ముద్ర పడిన నకలును అదే మడతలో పెడుతున్నారు. 2030 ఏప్రిల్‌లో కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ మడతలో ఐదు నకళ్లు ఉంటే, బాండు మీద అచ్చేసిన 28,29,556 రూపాయలూ ఆయన ఖాతాలో పడతాయి.